వేగం పెంచితే అంతరిక్ష కేంద్రం దూరమవుతుంది

సంపాదకులకు,

వ్యోమనౌకల అనుసంధానంపై మీరు ప్రచురించిన బొమ్మ చూశాను. ముందు వెళ్తున్న బస్సును మోటారు సైకిల్ అందుకున్నట్టు, వెనకనున్న నౌక ఇంజిను మండించి నేరుగా కేంద్రం వైపు దూసుకుపోతోంది. కక్ష్యలో అలా చేస్తే కేంద్రం అందదు సరికదా, నౌక ఇంకా వెనకబడుతుంది.

400 కి.మీ. ఎత్తులో కేంద్రం సెకనుకు సుమారు 7.67 కి.మీ. వేగంతో తిరుగుతుంది. ఒక్కో చుట్టుకు 92 నిమిషాల పైచిలుకు పడుతుంది. నౌక అదే కక్ష్యలో 16 కి.మీ.కు కాస్త ఎక్కువ దూరంలో వెనక ఉందనుకుందాం. వేగాన్ని సెకనుకు ఒక్క మీటరు పెంచితే, మొదటి పది నిమిషాలు కేంద్రం దగ్గరవుతున్నట్టే ఉంటుంది. నాలుగు వందల మీటర్లు కలిసివస్తాయి కూడా. మోసమంతా అక్కడే. ఆ అదనపు వేగం నౌకను పైకి లేపుతుంది. పైకి ఎక్కేకొద్దీ వేగం తగ్గుతుంది, చుట్టవలసిన దారి పెరుగుతుంది. భూమికి అవతలివైపున మూడున్నర కి.మీ. పైకి పోయి, బయలుదేరిన చోటికి రెండు సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఆ రెండు సెకన్లలో కేంద్రం మరో 16 కి.మీ. ముందుకు పోయి ఉంటుంది. అదే ఒక్క మీటరు వేగం తగ్గించి ఉంటే, నౌక కాస్త కిందికి దిగి, చుట్టు త్వరగా ముగించి, సరిగ్గా కేంద్రం దగ్గర తేలేది. అప్పుడు తగ్గించిన వేగాన్ని తిరిగి పెంచుకుంటే చాలు.

1965 జూన్‌లో అమెరికా నౌక జెమినీ-4లో వ్యోమగామి మెక్‌డివిట్‌కు ఇదే ఎదురైంది. తమను మోసుకొచ్చిన రాకెట్ దశ కంటికి కనిపిస్తూనే ఉంది. దానివైపు ముక్కు తిప్పి ఇంజిన్లు మండించిన ప్రతిసారీ అది ఇంకా దూరం జరిగింది. ఇంధనం దాదాపు సగం ఖర్చయ్యాక ప్రయత్నం మానుకున్నారు. అదే ఏడాది డిసెంబరు 15న జెమినీ-6ఏ కింది కక్ష్య నుంచి పైకి వచ్చి జెమినీ-7ను అందుకుంది.

చివరి కొన్ని వందల మీటర్లలో మాత్రం సూటిగా వెళ్లవచ్చు. ప్రయాణం కొద్ది నిమిషాలే కాబట్టి కక్ష్య వంపు పెద్దగా అడ్డురాదు, చిన్న ఇంజిన్లతో సరిదిద్దుకోవచ్చు. అక్కడా తొందర పనికిరాదు. 2025 జనవరి 8న స్పేడెక్స్ ఉపగ్రహాలను 225 మీటర్ల దూరానికి తెచ్చేటప్పుడు అవి అనుకున్నదానికన్నా ఎక్కువగా జరిగాయని ఇస్రో అనుసంధానాన్ని వాయిదా వేసింది. దాన్ని చేతకానితనమన్నవారున్నారు. నా దృష్టిలో అది సరైన నిర్ణయం. జనవరి 16న రెండూ కలిశాయి.

చంద్రయాన్-4లోనూ అనుసంధానాలు ఉంటాయి. అప్పుడు వేసే బొమ్మలో భూమిని గాని చంద్రుణ్ణి గాని మధ్యలో ఉంచి, రెండు నౌకల దారులను వేర్వేరు వలయాలుగా గీయించండి.

— విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, ఒంగోలు