దెబ్బ కన్నా ముందే మచ్చ

రమణా,

ఏదో సినిమాలో హీరో కనుబొమ్మ మీది గాయం ఒక సీన్‌లో ఎడమవైపు, ఇంకో సీన్‌లో కుడివైపు ఉందని ఫోన్‌లో తెగ నవ్వావు. మీ మేకప్‌వాళ్లు ఏం చేస్తుంటారన్నావు. చెబుతా విను.

మా సిరీస్‌లో హీరోకి కథ ప్రకారం మూడో రోజు రాత్రి గొడౌన్ ఫైట్‌లో దెబ్బ తగులుతుంది. నాలుగో రోజు ఆసుపత్రి, పదో రోజు ఇల్లు. షూటింగ్ మాత్రం ఇంటితో మొదలైంది, ఫైట్ షెడ్యూల్ చివర్లో పెట్టారు. అంటే మచ్చ ముందు, దెబ్బ తర్వాత! సీన్ నంబర్లు చూస్తే మధ్యలో ఎన్ని రోజులు గడిచాయో తెలియదు. అందుకే స్క్రిప్ట్ చేతికి రాగానే ప్రతి సీన్ పక్కనా కథలో అది ఎన్నో రోజో రాసుకుంటాం. గాయం రంగులు అక్కడి నుంచే వస్తాయి. మూడో రాత్రి ఎర్రగా, వాపుతో. మర్నాడు కుట్లు, చుట్టూ ఊదారంగు. పదో రోజుకి పసుపు ఛాయ, సన్నటి గీత. నిజం కమిలిన చోట కూడా దాదాపు ఇలాగే మారుతుంది.

రంగు కన్నా చోటుతోనే పెద్ద తలనొప్పి. నటుడి ముఖం అచ్చు మీద పలచటి పారదర్శక ప్లాస్టిక్ మాస్క్ చేయించి, గాయం ఉండాల్సిన చోట రంధ్రం పెడతాం. రోజూ అది తొడిగి, రంధ్రంలోంచి పెన్సిల్‌తో గుర్తు పెట్టి తీసేస్తాం. అప్పుడు వెంట్రుకవాసి కూడా జరగదు. ఫైట్ మాస్టర్‌కీ ముందే చెప్పాలి, దెబ్బ ఎడమ కనుబొమ్మకే తగలాలని. ఆయన తన వాటం చూసుకుని మార్చేశాడో, ఇంట్లో తీసిందంతా వృథా.

ఇక ఫొటోలు. ముందు, రెండు పక్కలా, వెనక. సెల్ఫీ మాత్రం అస్సలు పనికిరాదు. కొన్ని ఫోన్లు దాన్ని అద్దంలోలా తిప్పేస్తాయి, ఎడమ కుడి అవుతుంది. నువ్వు పట్టుకున్న తప్పు అలాగే పుట్టిందని నా అనుమానం. సీన్ మొదట్లోనే కాదు, చివర్లోనూ తీయాలి. నటుడు మధ్యలో చొక్కా చేతులు మడుస్తాడు, పై గుండీ విప్పుతాడు, మరి తర్వాతి సీన్ అక్కణ్ణించే కదా మొదలయ్యేది!

చొక్కా సంగతి ఇంకా తమాషా. ఆసుపత్రిలో వేసుకున్నది ఫైట్ చొక్కానే, కానీ ముందు తీసింది ఆసుపత్రి. ఆ మరకని మేమే ఊహించి, ఆరిన రక్తంలా గోధుమరంగులో వేశాం. తర్వాత ఫైట్‌లో రక్తం సరిగ్గా ఆ ఆకారంలోనే కారాలి. అందుకని ఒకే చొక్కా అరడజను జతలు. ప్రతి టేక్‌కీ ఒకటి శుభ్రంగా ఉండాలిగా.

వీటన్నిటికీ ఏదో ఉపాయం ఉంది కానీ గడ్డానికి లేదు. పెరిగింది తీయగలం, తీసింది అతికించినా క్లోజప్‌లో దొరికిపోతుంది. అందుకే గడ్డం సీన్లు ముందు పెట్టమని డైరెక్షన్ వాళ్లని బతిమాలుతాం. లొకేషన్ దొరకలేదంటే మాత్రం మా మాట వినేవాడు లేడు.

నీ
శ్రీను