అట్ట మీద పేరు

చి. సౌ. గాయత్రికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అల్లుడుగారి దగ్గు తగ్గిందో లేదో నీవు రాయలేదు, మిరియాల కషాయం మానవద్దని చెప్పు. మీరిద్దరూ కలిసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకున్న పేజీ కనబడటం లేదని హైమ పిన్ని రెండుసార్లు ఫోన్ చేసి మరీ చెప్పింది. ఆమె ఊహలు నీకు తెలిసినవే. నేను రాస్తున్నది పెళ్ళి ఆల్బమ్ అట్ట మీద వేయవలసిన పేరు గురించి మాత్రమే.

ఆ పేజీకి అల్లుడు రోహిత్ పేరు మొదలు, నీ పేరు మొదలు కలిపి మీరు పెట్టుకున్న roga అన్న పేరునే అట్టకూ పంపారట. స్టూడియో అబ్బాయి డిజైన్ తెరిచి చూపగా, బంగారు రంగులో మెరుస్తున్న ఆ నాలుగక్షరాలను మీ అమ్మ "రోగా" అని పైకి చదివి, కుర్చీలో నుంచి లేచి నిలబడింది. పేర్లను తిరగవేసి చూద్దామని అతడు gayahit అని కొట్టాడు, గాయం ముందుకు వచ్చింది. మొదటి పేరు చివర రెండో పేరు అతుకుతుంది కదా అని gayatrohit చేశాడు. గాయత్రిలోని రకారం, రోహిత్‌లోని రకారం ఒకటై చూడటానికి బాగానే ఉంది గానీ, మీ అమ్మ చెవికి అందులో "ద్రోహి" వినిపించిందట, ఇక దానినీ వదిలేశాము. ఆ అబ్బాయి చాయ్ తెప్పించాడు. విరాట్, అనుష్కల పెళ్ళినాడు, 2017లో, అందరూ పలికిన విరుష్క అన్న పేరును కాగితం మీద రాసి, ఒకరి మొదలు, ఒకరి చివర నిలిస్తేనే ఇద్దరూ గుర్తుంటారని వివరించాడు. అప్పుడు నాకు తట్టింది. రోహిత్ తకారంతో ముగుస్తుంది, గాయత్రి చివరి త్రి కూడా ఆ తకారంతోనే మొదలవుతుంది, కాబట్టి రోహిత్రి. సావిత్రి, ధరిత్రి అన్నట్లే నోటికి తిరుగుతుంది.

ఇంగ్లీషులో రాసేటప్పుడు జాగ్రత్త అవసరం. శుభలేఖలో మీ ఇద్దరి పేర్లలో తకారం పక్కన h వేయించాము కనుక rohithri అనే ఉంచండి. బంధువులు కొందరు ఫోటోలకు h లేకుండా #rohitri అని హ్యాష్‌ట్యాగ్ పెడితే ఆ ఫోటోలు వేరే గుంపులోకి పోతాయి, రెండూ ఒకచోట కనబడవు. పెద్దక్షరమా చిన్నక్షరమా అన్న తేడా మాత్రం హ్యాష్‌ట్యాగ్‌కు పట్టదు.

పేజీ పేరు మారిస్తే పాత పేరుతో వెదికేవారికి దొరకదని కూడా ఆ స్టూడియో అబ్బాయే చెప్పాడు. పిన్నికి కనబడకపోవడానికి కారణం అదే అయి ఉంటుందని నేను మీ అమ్మతో అన్నాను, అయినా ఆమె రాత్రి సరిగా నిద్రపోలేదు. పేరే మార్చారో, పేజీనే తీసేశారో ఒక్క ముక్క రాయి. ఏ చిన్న మాటైనా ఇద్దరి మధ్య వచ్చి ఉంటే భోజనం దగ్గర పెంచుకోవద్దు, అతడి మాట పూర్తిగా విను, నీవు మధ్యలో అందుకుంటావు, అది నా దగ్గరి నుంచి వచ్చిన అలవాటే. సరే, ఉపన్యాసం ఆపుతాను.

అట్ట శుక్రవారం అచ్చుకు వెళుతుంది. అంతకు ముందే ఇద్దరూ కలిసి ఫోన్ చేయండి, స్పీకర్‌లో పెట్టండి, అమ్మ అల్లుడుగారి గొంతు వినాలంటోంది. గోంగూర పచ్చడి పార్సిల్ పంపాను, మూత గట్టిగా బిగించి ఉంది, చేయి జాగ్రత్త.

ఇట్లు,
నాన్న