ఇస్త్రీ బండి అక్కకి థాంక్స్, ఆమె లేకపోతే మా 17,000 పోయుండేది

ఎయిర్ బైపాస్ రోడ్డు వెనకాల సందులో ఒక అపార్ట్‌మెంట్ గేటు ముందర ఇస్త్రీ బండి పెట్టుకునే అక్కకి ఈ పోస్ట్. ఆమె ఇది చూడదని తెలుసు, అయినా రాస్తా ఉండా. కళ్ళు మూతలు పడతా ఉండాయి, తప్పులుంటే సర్దుకోండి.

నాన్నకి డయాలసిస్ కోసం పలమనేరు నుంచి తిరగలేక తిరుపతిలోనే బాడుగ ఇల్లు వెతుకుతా ఉండాం, మెట్లు ఎక్కలేడు కాబట్టి లిఫ్ట్ ఉండాల. నెట్‌లో ఒక యాడ్ కనపడింది, డబుల్ బెడ్‌రూమ్, లిఫ్ట్, బాడుగ 8,500. ఆ చుట్టుపక్కల మేం అడిగిన ఇళ్ళన్నీ 14 వేలకి పైనే. ఓనర్ అంట, ఆర్మీలో ఉండాడంట, జమ్మూలో పోస్టింగ్, ఇల్లు చూపించేదానికి ఎవరూ లేరు, రెండు నెలల అడ్వాన్స్ 17,000 వేస్తే తాళాలు కొరియర్‌లో పంపిస్తాడంట, నచ్చకపోతే మొత్తం రిఫండ్ అంట. యూనిఫాం ఐడీ కార్డు, ఆధార్ కూడా పంపినాడు. అగ్రిమెంట్‌కి మీ ఆధార్ పంపండి మేడం అని మళ్ళీ మళ్ళీ అడగతా ఉండాడు.

బయటి నుంచైనా చూసొద్దామని పోయి గేటు దగ్గర నిలబడితే అక్క పిలిచి "ఏ ఇల్లుమా?" అనింది. ఫోటోలు చూపించినా. ఫోన్ దగ్గరికి పెట్టుకుని చూసి "ఆ ఇంట్లో మనుషులు ఉండారే, నిన్ననే వాళ్ళ చీరలు ఇచ్చొచ్చినా. అయినా ఆ పక్క కిటికీ తీస్తే కొండ కనపడాల కదమ్మా, దీంట్లో కొండ యాడుంది?" అనింది. నిజమే, ఆ కిటికీలో కనపడేది ఏదో పెద్ద సిటీ, వరసగా ఇరవై అంతస్తుల బిల్డింగులు!

బండి అట్లే వదిలేసి నన్ను కిందున్న మీటర్ల దగ్గరికి తీసకపోయింది. ఒక్కో మీటర్ మీద ఫ్లాట్ నంబర్, సర్వీస్ నంబర్ ఉంటాయి. కరెంటు బిల్లు కట్టే యాప్‌లో ఆ సర్వీస్ నంబర్ కొడితే కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో వస్తుంది. వాడు పంపిన ఆధార్‌లో పేరు వేరే. చాలా ఇళ్ళకి కనెక్షన్ ఇంకా బిల్డర్ పేరు మీదే ఉంటుంది కాబట్టి పేరు కలవకపోతే దొంగే అని చెప్పలేం, కానీ ఈ కనెక్షన్ బిల్డర్ పేరు మీద కూడా లేదు.

తిడదామని టైప్ చేస్తా ఉంటే అక్క చెయ్యి పట్టుకునింది. తిడితే మెసేజిలు చెరిపేసి పోతాడు, ముందు అన్నీ ఫోటో తీసి పెట్టుకో అనింది. స్క్రీన్‌షాట్లు తీసినాక ఇద్దరం కలిసి రాసిన రిప్లై ఇది: "అన్నా, నేను గేటు దగ్గరే ఉన్నాను. మీటర్ సర్వీస్ నంబర్ చెప్పండి, లోపల చూపించేదానికి మీ మనిషిని ఒకర్ని పంపండి. చూసినాక అగ్రిమెంట్ రాసుకునే రోజు అడ్వాన్స్ ఇస్తా. కొరియర్ వద్దు." అంతే. రెండిట్లో ఒక్కదానికి కూడా జవాబు లేదు. వేరే పార్టీ రెడీగా ఉంది అన్నాడు, తర్వాత 2,000 చాలన్నాడు, తర్వాత క్యూఆర్ పంపి స్కాన్ చేసి పిన్ కొట్టండి మీకే డబ్బు వస్తుంది అన్నాడు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పిన్ కొడితే పోవడమే. అప్పుడు అక్క నా ఫోన్ లాక్కుని వాయిస్ మెసేజ్ పెట్టింది, "సామీ, తాళాలు నా దగ్గరే ఉండాయి, నువ్వు కొరియర్ చేసేది ఏ ఇంటివి?" అని. బ్లాక్ చేసి పోయినాడు.

అప్పుడు ఎందుకో ఏడుపొచ్చేసింది. ఆమె ఏమీ అడగలా. నా బ్యాగులో నలిగిపోయిన నాన్న చొక్కాలు తీసుకుని ఇస్త్రీ చేసి, కాలర్ మళ్ళీ ఒకసారి తిప్పి రుద్ది, మడిచి చేతిలో పెట్టింది. డబ్బులిస్తే "మీ నాయిన ఏసుకుంటే సాలు" అనింది.

తమ్ముడు, మా ఆయన ఎప్పుడూ ఉన్నోళ్ళే, వాళ్ళకి వేరే చెప్పాలా.

ఇంక ఆ యాడ్ పెట్టిన సైట్‌కి రిపోర్ట్ కొడితే "మీ ఫీడ్‌బ్యాక్‌కి ధన్యవాదాలు" అని వచ్చింది, యాడ్ ఇప్పటికీ అట్లే ఉంది. స్టేషన్‌కి పోతే డబ్బు పోయినాక రామ్మా అన్నారు. పోకముందు చెప్తే ఎవరికీ పట్టదా? డబ్బు పోయినోళ్ళు వెంటనే సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, పోనోళ్ళు వాడి నంబర్ సంచార్ సాథీ సైట్‌లో చక్షు అనే కంప్లైంట్ పేజీలో పెట్టండి, నేను పెట్టినా. ఆ ఆధార్ ఫోటో మాత్రం ఇక్కడ పెట్టను. అది ఇంతకుముందు నాలాగే ఇల్లు అడిగినోళ్ళది అయ్యుండొచ్చు, నాది అడిగిందీ అందుకేనేమో.

అయ్యో, వాచ్‌మెన్ తాత కుర్చీ వేసి నీళ్ళిచ్చినాడు, ఆయనకీ థాంక్స్. నాన్న పక్క బెడ్ వాళ్ళమ్మాయి నేను వచ్చేదాకా కూర్చునింది, పేరు కూడా అడగలా. ఆటో అన్న వెయిటింగ్ చార్జ్ తీసుకోలా.

ఇల్లు ఇంకా దొరకలా. లిఫ్ట్ ఉండి, ఓనర్ మనిషిగా కనపడే ఇల్లు తెలిస్తే మెసేజ్ చేయండి, 12 వేల దాకా పర్లేదు.