డాక్టర్ గారూ, ప్యాడ్లు ఎన్నని అడగలేదు

సంపాదకులకు నమస్కారం. నా గైనకాలజిస్టుకు ఎదురుగా చెప్పలేకపోయిన మాటలు మీ పత్రిక ద్వారా చెబుతున్నాను.

డాక్టర్ గారూ, తొమ్మిది నెలల్లో నాలుగుసార్లు మీ దగ్గరికి వచ్చాను. నెలసరి మొదటి రెండు రోజులూ గంటకో ప్యాడ్ తడిసిపోయేది. రక్తం గడ్డలుగా పడేది. పరుపు మీద పాత తువ్వాలు పరుచుకుని, కదలకుండా పడుకునేదాన్ని. మీరు "ఈ వయసులో మామూలేనమ్మా" అని నొప్పి మాత్రలు రాశారు. పొట్ట మీద నుంచి చేసిన స్కాన్ నార్మల్ అన్నారు, అక్కడితో ఆపేశారు. నెలసరి అయిపోయాక కూడా పొత్తికడుపు లాగుతోందని, మా ఆయనతో కలిసినప్పుడు లోపల పొడిచినట్టుంటోందని చెప్పబోయేసరికి మీరు బెల్ కొట్టేశారు. ఆ రెండో మాట నోటి దాకా రావడానికే నాకు మూడు విజిట్లు పట్టింది.

చివరికి నాలుగు మెట్లెక్కినా ఆయాసం వస్తుంటే వేరేచోట చూపించుకున్నాను. హిమోగ్లోబిన్ 7.4 ఉంది. యోని ద్వారా చేసిన స్కాన్‌లో అడెనోమయోసిస్ కనిపించింది. అంటే గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం దాని కండరంలోకి చొచ్చుకుపోవడమట. పొట్ట మీది స్కాన్‌లో ఇది దొరక్కపోవచ్చని అక్కడి డాక్టర్ చెప్పారు. హార్మోన్ లూప్ వేశారు, ఐరన్ నరానికి ఎక్కించారు. మొదటి మూడు నెలలు చుక్కలు చుక్కలుగా కనిపించి చిరాకు పెట్టింది కానీ, ఇప్పుడు రోజుకు రెండు ప్యాడ్లు చాలు.

నా పాత ఫైలు మీ దగ్గరే ఉంది. ఒకసారి తీసి చూడండి, "నొప్పి" అన్న మాట అందులో ఎన్నిసార్లు రాశారో.

- ఒక గృహిణి