కంప్రెషన్ పరీక్ష సరిగా చేయకుండా బ్లాక్ పిస్టన్ మార్చిన విషయమై ఫిర్యాదు

గౌరవనీయులైన కస్టమర్ సేవా విభాగాధిపతి గారికి,

విషయం: మీ అధీకృత సర్వీస్ సెంటర్‌లో నా 100 సీసీ మోటార్‌సైకిల్‌కు అనవసరంగా ఇంజిన్ పని చేసి డబ్బు వసూలు చేయడం గురించి.

అయ్యా,

నా బండి పాతది. కొంతకాలంగా పికప్ తగ్గింది, ఇంజిన్ వేడెక్కాక ఆపితే మళ్లీ కిక్‌కు అందడం లేదు, యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో టపటపమని శబ్దం వస్తోంది. అయితే పొగ లేదు, ఇంజిన్ ఆయిల్ తగ్గడం లేదు. ఈ రెండు సంగతులూ నేను చెప్పగా జాబ్ కార్డులో రాసుకున్నారు కూడా. రింగులు అరిగితే సాధారణంగా ముందుగా కనిపించేవి ఆ రెండే కాబట్టి, అవి లేవన్న మాటకు విలువ ఇచ్చి ఉండవలసింది.

మీ మెకానిక్ నా ఎదుటే ప్లగ్ విప్పి గేజ్ బిగించి కిక్ కొట్టారు. ఇంజిన్ చల్లగా ఉంది, యాక్సిలరేటర్ మూసే ఉంది. గేజ్ 70 పీఎస్ఐ చూపగానే రింగులు పోయాయని తేల్చారు. యాక్సిలరేటర్ మూసి ఉంటే కార్బురేటర్ గుండా సిలిండర్‌లోకి చాలినంత గాలి వెళ్లదు, వెళ్లని గాలిని పిస్టన్ నొక్కలేదు కనుక బాగున్న ఇంజిన్ కూడా తక్కువే చూపుతుంది. ఇంజిన్‌ను కొంచెం వేడిచేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని, ముల్లు ఇక పెరగకుండా నిలిచేదాకా కిక్ కొట్టినప్పుడే ఆ అంకెకు అర్థం ఉంటుంది.

అంతకంటే పెద్ద లోపం రెండో పరీక్ష చేయకపోవడం. ప్లగ్ రంధ్రంలో అర చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే, ఆ ఆయిల్ రింగులకూ బోరుకూ మధ్య సందును కాసేపు మూస్తుంది. అంకె బాగా పెరిగితే లోపం రింగుల్లోనో బోరులోనో ఉన్నట్టు. పెద్దగా పెరగకపోతే వాల్వుల వైపో, హెడ్ గ్యాస్కెట్ వైపో చూడాలి. ఆయిల్ ఎక్కువ పోస్తే అది చోటు ఆక్రమించి అంకెను ఉత్తినే పెంచుతుంది కనుక కొలత పాటించాలి. ఐదు నిమిషాల ఈ పని చేయకుండానే బ్లాక్, పిస్టన్, రింగులు అన్నీ కొత్తవి వేసి రూ. 6,400 బిల్లు ఇచ్చారు.

బండి తీరు మారలేదు. బయటి మెకానిక్ పద్ధతి ప్రకారం కొలిస్తే 90 పీఎస్ఐ, ఆయిల్ పోశాక 95 వచ్చింది. కొత్త రింగులు ఇంకా కుదురుకోలేదని మీ సెంటర్ వారు సమాధానమిచ్చారు. అదే కారణమైతే ఆయిల్ పోయగానే అంకె గట్టిగా పెరగాలి కదా! తర్వాత ఇంజిన్ చల్లారాక ట్యాపెట్ల సందు చూస్తే ఎగ్జాస్ట్ వైపు ఫీలర్ గేజ్‌లోని అతి పలుచని రేకు కూడా దూరలేదు. వాల్వ్ తన సీటులోకి అరిగి దిగేకొద్దీ ఆ సందు తగ్గిపోతుంది, చివరకు వాల్వ్ పూర్తిగా మూసుకోదు. ట్యాపెట్ చప్పుడు లేదు కాబట్టి బాగుందనుకోవడం మన షెడ్లలో ఎంతో కాలంగా ఉన్న అలవాటు. సందు సరిచేశాక 110 దాకా వచ్చి ఆగింది. హెడ్ దించి, ఎగ్జాస్ట్ పోర్టులో పెట్రోల్ పోస్తే వాల్వ్ అంచు వెంట చెమ్మ పట్టి బొట్లుగా కారింది. వాల్వ్ అంచు ఒకవైపు కాలి గుంటలు పడి ఉంది. వాల్వ్ మార్చి, సీటుకు పేస్టుతో గ్రైండింగ్ చేశాక అదే గేజ్‌పై 150 వచ్చింది. దీనికైన ఖర్చు రూ. 1,300.

నేను అడిగి తీసుకున్న పాత బ్లాక్ నా దగ్గరే ఉంది. పాత రింగును ఆ బోరులోనే పెట్టి, పిస్టన్‌తో సమంగా లోపలికి నెట్టి కొలిస్తే, దాని కొసల మధ్య సందు సర్వీస్ మాన్యువల్ చెప్పిన హద్దుకు లోపలే ఉంది. మీ ఇంజనీర్ ఎప్పుడైనా వచ్చి కొలుచుకోవచ్చు. బోరు ఎంతో కొంత అరగలేదని నేను అనడం లేదు, వయసున్న బండికి అది సహజం. కానీ నేను చెప్పిన లోపానికి కారణం అది కాదు.

కాబట్టి బ్లాక్, పిస్టన్, రింగులకూ వాటి కూలికీ తీసుకున్న రూ. 6,400 తిరిగి చెల్లించాలనీ, ఇకముందు ఇంజిన్ విప్పే ముందు ఆయిల్ లేకుండా, ఆయిల్ పోసి వచ్చిన రెండు అంకెలనూ ట్యాపెట్ సందుతో సహా జాబ్ కార్డులో రాసి యజమాని సంతకం తీసుకోవాలని ఆ సెంటర్‌ను ఆదేశించాలనీ కోరుతున్నాను. ముప్పై రోజుల్లో లిఖితపూర్వక సమాధానం రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద సేవాలోపంగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేస్తాను.

జాబ్ కార్డు, రెండు బిల్లులు, గేజ్ అంకెల ఫొటోలు, కాలిన వాల్వ్ ఫొటో జతచేశాను.

భవదీయుడు,
వాహన యజమాని