పసుపు మాత్రల డబ్బాపై హెచ్చరిక ఏది?

సంపాదకులు గారికి,

నలభై ఏళ్లు మందుల దుకాణంలో పనిచేసిన నాకే మా అక్క కామెర్లకు కారణం వెంటనే తట్టలేదు. మోకాళ్ల నొప్పులకని ఎవరో చెబితే పసుపు నుంచి తీసిన కర్క్యుమిన్ మాత్రలు పూటకొకటి చొప్పున రోజుకు రెండు మింగింది. రెండు నెలలకు అన్నం సహించలేదు. మూత్రం చిక్కటి టీ డికాషన్ రంగులో వస్తుంటే 'పసుపు తింటున్న కదరా, ఆ రంగే' అనుకుంది. కళ్లు పచ్చబడ్డాక పరీక్ష చేయిస్తే, కాలేయం దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ, నలభై లోపు ఉండాల్సింది, వెయ్యి దాటింది. హెపటైటిస్ వైరస్‌లు ఏవీ లేవని తేలింది. ఏం మందులు వాడుతున్నారని డాక్టర్ రెండుసార్లు అడిగినా అక్క 'ఏం లేవు' అనే చెప్పింది. పసుపును మందుల లెక్కలో ఎవరు వేస్తారు? డబ్బా ఆయన చేతిలో పెట్టింది కోడలు. ఆపేసిన రెండున్నర నెలలకు రక్తపరీక్షలు మామూలుకొచ్చాయి.

ఏనుమాముల మార్కెట్‌కు బస్తాలుగా వచ్చే పసుపుకూ ఈ మాత్రకూ పేరొక్కటే ఉమ్మడి. పసుపు పొడిలో కర్క్యుమిన్ సుమారు మూడు శాతం. అంటే చెంచాడు పొడిలో దాదాపు 90 మిల్లీగ్రాములు. కూరలో మనం వేసేది చిటికెడు, అందులోనూ ఒంటికి పట్టేది బహు కొద్ది. మా అక్క డబ్బా మీద '500 మి.గ్రా., 95 శాతం' అని ఉంది, అంటే మాత్రలో కర్క్యుమిన్ 475 మిల్లీగ్రాములు. ఒక్క మాత్ర అయిదు చెంచాల పసుపుకు సమానం, రోజుకు రెండంటే పది చెంచాలు. పైగా అందులో మిరియాల నుంచి తీసిన పైపరిన్ కలిపారు. 1998లో బెంగళూరు పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇచ్చి చూస్తే, రక్తంలోకి చేరేది ఇరవై రెట్లు పెరిగింది. అమ్మేవాళ్లు గొప్పగా చెప్పుకునే గుణం ఇదే.

ఆహార సంకలితాల అంతర్జాతీయ నిపుణుల కమిటీ పెట్టిన రోజువారీ హద్దు కిలో బరువుకు 3 మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి 180. రెండు మాత్రలతో అక్కకు అందింది 950.

ఈ మాత్రలు మింగిన అందరికీ కాలేయం దెబ్బతినదు, నిజమే. అమెరికాలో 2022లో వెలువడిన అధ్యయనంలో పసుపు వల్ల కాలేయం దెబ్బతిన్న పది మందిలో ఏడుగురికి HLA-B*35:01 అనే జన్యు రకం కనిపించింది. ఒకరు చనిపోయారు. ఆ జన్యు రకం తమలో ఉందో లేదో కొనేవాళ్లకు ఎట్లా తెలుస్తుంది? అందుకే హద్దులోపు వాడినా పూర్తి భరోసా లేదు. ఒకసారి దెబ్బతిన్నవాళ్లు మళ్లీ మొదలుపెట్టనే కూడదు.

ఇటలీ 2022లోనే ఇలాంటి డబ్బాలపై హెచ్చరిక తప్పనిసరి చేసింది. మన దగ్గర ఇవి మందుల కింద కాక ఆహారం కింద అమ్ముడవుతున్నాయి, డాక్టర్ చీటీ అడిగేవారు లేరు. మాత్రలో కర్క్యుమిన్ ఎంత, పైపరిన్ ఉందా, కాలేయ జబ్బున్నవాళ్లు వాడొచ్చా అన్న మూడు సంగతులు డబ్బా మీద తెలుగులో, కళ్లద్దాలు లేకుండా చదవగలిగే అక్షరాల్లో ఉండాలని ఆహార భద్రత అధికారులను కోరుతున్నాను. వాటితోపాటు 'మూత్రం రంగు మారితే ఆపేయండి' అన్న ఒక్క వాక్యం ఉన్నా మా అక్క మూడు వారాల ముందే ఆసుపత్రికి వెళ్లేది.

– ఒక విశ్రాంత ఫార్మసిస్టు, హనుమకొండ