ఆఫీసు మారితే సరుకు వేసేవాడికీ ఒక ముక్క చెప్పండి

సంపాదకుడు గారికి,

మౌంట్ రోడ్డు, నుంగంబాక్కం వైపు పాత భవనాల్లో ఉన్న ఆఫీసులు గిండీకో ఓఎంఆర్‌కో తరలిపోవడం చెన్నైలో మామూలే. వెళ్లేవాళ్లు కస్టమర్లకు రంగుల కార్డు పంపుతారు. 'మరింత విశాలమైన ఆఫీసులోకి మారుతున్నాం, మా సేవలు యథాతథం' అని ఉంటుంది. వాళ్లకు అట్టపెట్టెలు, టేపు, లేబుళ్లు వేసే మాలాంటివాళ్లకు ఆ కార్డు రాదు. వచ్చినా మాకు కావలసిన సంగతి అందులో ఉండదు. కొత్త అడ్రసు ఒక్కటే చాలదు. పాత చోట సరుకు ఎప్పటిదాకా దించుకుంటారు, కొత్త చోట ఎప్పటినుంచి దించుకుంటారు, బిల్లు మీద ఏ అడ్రసు వెయ్యాలి అన్నవి కూడా తెలియాలి. ఈ మూడింటి తేదీలు ఒకే రోజున పడవు. చిక్కంతా అక్కడే.

నాకు జరిగిందే చెబుతాను. పేరు అనవసరం. మౌంట్ రోడ్డులో ఉండే ఒక కంపెనీ పెరుంగుడికి మారింది. ఆర్డరు మీద పాత అడ్రసే ఉంది కాబట్టి అదే అడ్రసుకి బిల్లు, బండితో పాటు ఉండాల్సిన ఈ-వే బిల్లు చేసి సరుకు పంపాను. విలువ లక్షా ముప్పై వేల చిల్లర. తమిళనాడు లోపల తిరిగే సరుకైనా లక్ష దాటితే ఈ-వే బిల్లు ఉండాలి. బండి అక్కడికి చేరేసరికి షట్టరు దించి ఉంది. 'వాళ్లు మొన్ననే ఖాళీ చేశారు సార్' అన్నాడు వాచ్‌మన్. స్టోర్స్‌లో ఉండే అబ్బాయికి ఫోన్ చేస్తే, 'అయ్యో, మీకు మెయిల్ రాలేదా అన్నా? బండిని ఇటు పంపేయండి' అన్నాడు.

పంపేయండి అనడం తేలికే. కాగితం మీద 600002 పిన్‌కోడు ఉంది, బండి వెళ్లాల్సింది 600096కి. దారిలో తనిఖీ జరిగితే అడ్రసు తేడా గురించి జవాబు చెప్పుకోవాల్సింది డ్రైవరు. ఒకసారి చేసిన ఈ-వే బిల్లులో దించే అడ్రసు దిద్దే వీలు లేదు. 24 గంటల్లోపు, అదీ దారిలో అధికారులు దాన్ని తనిఖీ చేయకముందే రద్దు చేసి మళ్లీ కొత్తది చేసుకోవాలి. బండి అక్కడే రోడ్డు పక్కన ఆగింది. నేను షాపులో కూర్చుని పాతది రద్దు చేసి, కొత్తది చేసి, డ్రైవరు వాట్సాప్‌కి పంపాను. వెయిటింగ్ చార్జీ, అదనపు కిరాయి నా ఖాతాలోనే పడ్డాయి.

అక్కడితో అయిపోలేదు. స్టోర్స్ వాళ్లు కొత్త అడ్రసుతో బిల్లు కావాలన్నారు, ఇచ్చాను. కొన్నాళ్లకి అకౌంట్స్ నుంచి అదే బిల్లు తిరిగొచ్చింది. జీఎస్టీ పోర్టల్లో ఇంకా పాత అడ్రసే ఉందట, బిల్లు దాని మీదే ఉండాలట. ఒకే కంపెనీలో ఇద్దరిదీ తప్పని అనలేం. సరుకు దిగేది కొత్త చోట, రిజిస్ట్రేషన్‌లో ఉన్నది పాత చోటు. అలాంటప్పుడు బిల్లు పాత అడ్రసు మీద చేసి, డెలివరీ అడ్రసు కింద కొత్తది వెయ్యాలి. ఈ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే సరిపోయేది. ఒకే రాష్ట్రంలో మారితే జీఎస్టీ నంబరు మారదు కాబట్టి వాళ్లకు రావలసిన పన్ను క్రెడిట్ ఎక్కడికీ పోదు. ఆఫీసు బెంగళూరుకు పోతే మాత్రం సంగతి వేరు. అక్కడ కొత్త రిజిస్ట్రేషనే తీసుకోవాలి, నంబరు ముందుండే తమిళనాడు కోడు 33 పోయి కర్ణాటక కోడు 29 వస్తుంది.

నాకు ఒళ్లు మండింది మాత్రం ఆ తర్వాత. డబ్బు ఇవ్వడానికి బిల్లు మార్చి ఇచ్చిన రోజు నుంచి 45 రోజులు లెక్కపెడతామన్నారు. సరుకు తయారుచేసే చిన్న పరిశ్రమలకు చట్టం ప్రకారం గడువు మొదలయ్యేది సరుకు చేతికి అందిన రోజు నుంచి, బిల్లు దిద్దిన రోజు నుంచి కాదు. సరుకు బాగాలేదని 15 రోజుల్లోపు రాసి ఇస్తే తప్ప ఈ లెక్క మారదు. ఆ గడువు మాలాంటి వ్యాపారులకు వర్తించకపోయినా న్యాయం అదే. మీరు ఇల్లు మారారని నా డబ్బు ఎందుకు ఆగాలి?

కంపెనీలు తలచుకుంటే ఇదంతా తప్పించడం కష్టం కాదు. జీఎస్టీలో ప్రధాన వ్యాపార స్థలం మారితే 15 రోజుల్లోపు REG-14 ఫారంలో దరఖాస్తు పెట్టాలి. అధికారి దాన్ని చూసి ఆమోదించడానికి 15 పనిదినాల దాకా పట్టొచ్చు. కొత్త చోటు అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు చేతికి రాగానే, మారకముందే దాన్ని 'అదనపు వ్యాపార స్థలం'గా చేర్పించుకుంటే మధ్యలో ఈ గందరగోళం ఉండదు. సామాన్లు సర్దుకున్నాక ప్రధాన స్థలాన్ని మార్చుకోవచ్చు. మంచి ఆడిటర్లు చెప్పేది ఇదే. కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు కూడా మారుతుంటే దానికి INC-22 అని వేరే ఫారం, 30 రోజుల గడువు ఉన్నాయి. దాంతో మాకు పనిలేదు గానీ, సామాన్ల తరలింపు, జీఎస్టీ, రిజిస్టర్డ్ ఆఫీసు మూడూ ఒకటే అనుకుని ఒకే తేదీ వేసేస్తారు కాబట్టి చెబుతున్నాను.

ఇక నోటీసు. మాకు కావలసింది ఇంతే: '12వ తేదీ సాయంత్రం 4 వరకు పాత ఆఫీసులో సరుకు దించుకుంటాం. 13, 14, 15 తేదీల్లో ఎక్కడా దించుకోం. 16 ఉదయం 10 నుంచి కొత్త చోట. మేము మళ్లీ రాసేదాకా బిల్లు పాత అడ్రసు మీదే, డెలివరీ మాత్రం కొత్త అడ్రసుకి. మా జీఎస్టీ నంబరు, బ్యాంకు ఖాతా మారలేదు.' కింద స్టోర్స్ మనిషి ఫోన్ నంబరు, బండి ఏ గేటులోంచి లోపలికి రావాలో ఒక మాట. ఆ అడ్రసులో పాత డోర్ నంబరు, కొత్త డోర్ నంబరు రెండూ వెయ్యండి. చెన్నైలో ఒక్క డోర్ నంబరు నమ్ముకున్న డ్రైవరు పక్క వీధి దాకా వెళ్లి రావాల్సిందే.

బ్యాంకు ఖాతా గురించిన ఆ వాక్యం ఊరికే రాయలేదు. 'మా ఆఫీసు మారింది, ఇకమీదట డబ్బు ఈ ఖాతాకి వెయ్యండి' అని అచ్చం కంపెనీ మెయిల్లాగే పంపి దోచుకునేవాళ్లున్నారు. కస్టమర్లు నమ్మేది కూడా నిజంగా ఆఫీసు మారుతున్న వేళే. అలాంటి మెయిల్ వస్తే మన దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకి ఫోన్ చేసి అడగాలి. మెయిల్లో ఇచ్చిన నంబరుకి చేస్తే ఎత్తేది ఆ దొంగే. డబ్బు పోయాక అయితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కి చేయాలి.

కస్టమర్లకు రాసే 'సేవలు యథాతథం' కూడా అలాగే ఉంది. ల్యాండ్‌లైను, ఇంటర్నెట్ కొత్త చోటికి వచ్చేలోపు ఫోన్ ఎవరు ఎత్తుతారు? రిపేరుకు వచ్చిన వస్తువు ఏ చోట ఇవ్వాలి? ఆ రెండు మూడు రోజులకు ఒక మొబైల్ నంబరు, ఒక మనిషి పేరు ఇస్తే అదే యథాతథం.

ఆంధ్రా చాంబర్ ఆఫ్ కామర్స్ 1928 నుంచి ఈ ఊళ్లోనే ఉంది. ఇలాంటి నోటీసు నమూనా ఒకటి తెలుగు, తమిళం, ఇంగ్లీషుల్లో తయారు చేసి సభ్యులకు పంపమని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. సరఫరాదారుల జాబితా ప్రతి కంపెనీ అకౌంట్స్‌లోనూ ఉంటుంది. కస్టమర్లకు పంపిన రోజే వాళ్లకీ పంపమని అందులో ఒక వాక్యం చేర్చాలి.

ఇట్లు,
ఒక ప్యాకింగ్ సరుకు వ్యాపారి,
షావుకారుపేట, చెన్నై